వంకాయ రంగు కన్నం, తెలుగు అక్షరాల కీబోర్డు

జూలై రెండో వారంలో మా బడికి పది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. హోసూరు పక్కన తెలుగు మీడియం నడిచే చిన్న బడి మాది. అట్టపెట్టెలు విప్పుతుంటే పిల్లల కంటే మేమే ఎక్కువ సంబరపడ్డాం. ఆ సంబరం ఒక పూట కూడా నిలవలేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మన పాత కీబోర్డు తెచ్చి, యంత్రం వెనక్కి వంగి చూసి, "సార్, వంకాయ కన్నం లేదు" అంది.

నిజమే. వెనకాల ఉన్నవన్నీ పలకగా ఉండే యూఎస్‌బీ కన్నాలే. పాత యంత్రాలకు ఉండే రెండు గుండ్రటి కన్నాలు, ఒకటి ఊదా రంగుది, ఇంకొకటి ఆకుపచ్చది, ఈ కొత్తవాటికి లేవు. మా పిల్లలు ఊదాను వంకాయ అంటారు. "వంకాయ కీబోర్డుకు, ఆకు ఎలుకకు" అని ఆరో తరగతిలోనే నేర్చేసుకుంటారు.

కొత్త యంత్రాలతో కొత్త కీబోర్డులూ వచ్చాయి కదా, పాతవాటితో పని ఏమిటని మీరు అడగవచ్చు. మా పాత కీబోర్డుల మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట ఒక పూర్వ విద్యార్థి తెలుగు స్టిక్కర్లు తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని పది కీబోర్డులకు ఒక్కొక్క మీటకూ అతికించి పోయాడు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక అది: ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి వైపు హల్లులు. కొత్త కీబోర్డుల మీద ఇంగ్లిషు తప్ప మరేదీ లేదు. స్టిక్కర్లు కొందామని పట్టణంలో తిరిగితే తమిళం, కన్నడం దొరికాయి గానీ తెలుగు దొరకలేదు. పాతవి ఊడదీసి కొత్తవాటికి అతికిద్దామంటే, జిగురు రాయిలా బిగుసుకుపోయి గోరు పెట్టగానే చిరిగిపోయాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పిల్లలు తామే టైపు చేసిన గోడ పత్రిక పెట్టడం మా బడి ఆనవాయితీ. చేతిలో ఉన్నవి ఆరు వారాలు. కాబట్టి పాత కీబోర్డులను కొత్త యంత్రాలకు ఎలాగైనా తగిలించాల్సి వచ్చింది. ఆ పనిలో మేము చేసిన తప్పు, దాని వల్ల నేర్చుకున్నదీ మీకూ పనికొస్తాయని ఇది రాస్తున్నాం.

గుండ్రటి కన్నంలో ఏముంది?

ఈ కన్నం పేరు పీఎస్/2. 1987లో ఐబీఎం సంస్థ తెచ్చిన పర్సనల్ సిస్టమ్/2 అనే కంప్యూటర్ల నుంచి ఆ పేరు వచ్చింది. అంతకు ముందు కీబోర్డుకు ఇంకా లావుగా, అయిదు సూదులతో ఉండే ప్లగ్గు వాడేవారు. ఐబీఎం దాన్ని చిన్నది చేసి ఆరు సూదులు పెట్టింది. మౌసుకు కూడా అదే కన్నం ఇచ్చింది. మొదట్లో రెండు కన్నాలూ ఒకే రంగులో ఉండేవి. దేనిలో ఏది పెట్టాలో పక్కనున్న చిన్న బొమ్మ చూసి తెలుసుకోవాలి. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి కంప్యూటర్లు ఎలా తయారుచేయాలో చెప్పే మార్గదర్శకాలు విడుదల చేశాయి. కీబోర్డుకు ఊదా, మౌసుకు ఆకుపచ్చ అన్న రంగులు వాటితోనే స్థిరపడ్డాయి.

ప్లగ్గు లోపలికి చూస్తే ఆరు సన్నని సూదులు, వాటి మధ్య ఒక పలకటి ప్లాస్టిక్ దిమ్మె కనిపిస్తాయి. ప్లగ్గు తిరగబడి వెళ్లకుండా ఆపేది ఆ దిమ్మెే. ఆరు సూదులున్నా మామూలుగా పని చేసేవి నాలుగే. ఒకటి 5 వోల్టుల కరెంటుకు, ఒకటి దాని తిరుగుదారికి, ఒకటి సమాచారానికి, ఇంకొకటి తాళానికి. తాళం అంటే సమాచారంలోని ఒక్కొక్క ముక్కను ఎప్పుడు చదువుకోవాలో చెప్పే టిక్కు టిక్కు. పాటకు తాళం ఎలాగో దీనికి అది అలాగ.

యూఎస్‌బీ ప్లగ్గులోనూ (మౌసుకూ కీబోర్డుకూ వాడే మామూలు రకంలో) నాలుగే తీగలు. కరెంటు కూడా అదే 5 వోల్టులు. ఇక్కడే అందరం బోల్తా పడతాం. అటు నాలుగు, ఇటు నాలుగు, కరెంటు ఒకటే. మరి తీగకు తీగ కలిపితే చాలదా అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

లైట్లు వెలిగాయి, అక్షరం పడలేదు

పట్టణంలో ఒక దుకాణానికి వెళ్లి, "అన్నా, గుండ్రటి పిన్ను కీబోర్డును యూఎస్‌బీకి పెట్టేది కావాల" అన్నాం. ఆయన బొటనవేలంత ఊదా రంగు ముక్కలు చూపించాడు. ఒక వైపు గుండ్రటి కన్నం, ఇంకో వైపు యూఎస్‌బీ మూతి. ఒక్కోటి నలభై రూపాయలు. రంగు కూడా కుదిరింది కదా అని ఒక్కటి కూడా పరీక్షించకుండా పది కొనేశాం.

బడికి వచ్చి మొదటిది తగిలించాం. కీబోర్డు కుడి మూల ఉండే మూడు చిన్న లైట్లు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. "పట్టుకుంది!" అని పిల్లలు అరిచారు. మీటలు నొక్కితే మాత్రం తెర మీద ఏమీ రాలేదు. ఇంకో ముక్క, ఇంకో కీబోర్డు, ఇంకో కంప్యూటర్ మార్చి చూశాం. ప్రతిసారీ లైట్లు మెరిసేవి, అక్షరం పడేది కాదు. కీబోర్డులే పోయాయేమోనని ఒకదాన్ని పాత యంత్రానికి తగిలిస్తే శుభ్రంగా పని చేసింది.

ఆ మెరుపే మమ్మల్ని మోసగించింది. కీబోర్డుకు కరెంటు అందగానే అది తనను తాను ఒకసారి పరీక్షించుకుంటుంది. లైట్లు మెరిసేది అప్పుడే. దాని అర్థం 5 వోల్టులు అందాయని మాత్రమే. కంప్యూటర్ దాన్ని గుర్తించిందని కాదు. మా ముక్కలో కరెంటు తీగలు సరిగానే కలిశాయి, మిగతా రెండు తీగలూ కలిశాయి. కానీ ఆ రెండు తీగల మీద అటువాళ్లు మాట్లాడే భాష వేరు, ఇటువాళ్లది వేరు.

K మీట నొక్కితే జరిగేది

ఇన్‌స్క్రిప్ట్‌లో క అక్షరం K మీట మీద ఉంటుంది. ఆ మీట నొక్కినప్పుడు పాత కీబోర్డు "క" అనీ చెప్పదు, "K" అనీ చెప్పదు. ఫలానా చోటి మీట నొక్కారు అని ఒక అంకె పంపుతుంది. ఆ మీటకు పంపే అంకె 42. వేలు తీసేసినప్పుడు F0 42 అని పంపుతుంది. అంటే "42వ మీట వదిలారు" అని. (ఇవి పదహారు ఆధారంగా రాసే అంకెలు, అందుకే మధ్యలో F వచ్చింది.) ఈ అంకెను తాళం వేసుకుంటూ తనకు తానే పంపేస్తుంది. కంప్యూటర్ అడిగేదాకా ఆగదు.

యూఎస్‌బీలో వ్యవహారం వేరు. అక్కడ కంప్యూటర్ పిలవనిదే ఏ పరికరమూ నోరు విప్పకూడదు. మనం క్లాసులో హాజరు వేసినట్టు, కంప్యూటర్ కొద్ది మిల్లీసెకన్లకు ఒకసారి కీబోర్డును "నీ దగ్గర ఏమైనా ఉందా?" అని అడుగుతుంది. అప్పుడే అది జవాబివ్వాలి. అంతకు ముందు, తగిలించిన క్షణంలో, "నేను ఫలానా సంస్థ కీబోర్డును, నాకు ఇంత కరెంటు కావాలి" అని పరిచయం చేసుకోవాలి. ఆ పరిచయం జరక్కపోతే కంప్యూటర్ దృష్టిలో ఆ పరికరం లేనట్టే. అంకెలు కూడా వేరు. అదే K మీటకు యూఎస్‌బీ పట్టికలో ఉన్న అంకె 0E.

మా పాత కీబోర్డుకు పరిచయం చేసుకోవడం రాదు, పిలిచేదాకా ఆగడం రాదు, 0E అనడం రాదు. తీగకు తీగ కలిపినంత మాత్రాన అవి రావు. మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. కీబోర్డు చెప్పే 42ను విని దాచుకుని, కంప్యూటర్ అడిగినప్పుడు 0E అని చెప్పే చిన్న చిప్పే ఆ దుబాసీ. చిప్పు ఉన్నదాన్ని కన్వర్టర్ అనాలి. చిప్పు లేనిది ఉత్త అడాప్టర్, అంటే ప్లగ్గు ఆకారం మార్చే ముక్క. దుకాణంలో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. రంగు చూసి తేడా కనుక్కోలేం, రెండూ ఊదాగానే ఉంటాయి.

మరి చిప్పు లేని ముక్కలు ఎందుకు తయారు చేస్తారు? యూఎస్‌బీ కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్ని కీబోర్డులకూ మౌసులకూ రెండు భాషలూ నేర్పి అమ్మారు. తగిలించగానే అవతల ఉన్నది ఏ రకం కన్నమో అవే పసిగట్టి, ఆ భాష మాట్లాడేవి. అలాంటివాటికి దుబాసీ అక్కర్లేదు, ప్లగ్గు ఆకారం మారితే చాలు. మొదటి నుంచీ గుండ్రటి ప్లగ్గుతోనే పుట్టిన మామూలు కీబోర్డుకు మాత్రం ఒక్క భాషే వస్తుంది. మావి అలాంటివే.

ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు: "అయితే దుబాసీకి తెలుగు వస్తుందా సార్?" మంచి ప్రశ్న. దానికి తెలుగు రానక్కర్లేదు. తెలుగు కీబోర్డులోనూ లేదు, కన్వర్టర్‌లోనూ లేదు. అది కంప్యూటర్‌లో ఉంది. ఫలానా మీట నొక్కారు అన్న వార్త కంప్యూటర్‌కు చేరాక, అక్కడ మనం తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరిక పెట్టి ఉంటే క పడుతుంది, ఇంగ్లిషు పెట్టి ఉంటే k పడుతుంది. మీట మీది స్టిక్కరు మన కంటి కోసమే. కాబట్టి కన్వర్టర్ సరైనదైతే తెలుగుకు ఏ లోటూ రాదు. ఈ ఒక్క సందేహం తీరాకే మళ్లీ డబ్బు పెట్టడానికి మాకు ధైర్యం వచ్చింది.

రెండోసారి కొన్నప్పుడు

దుకాణదారు పాత ముక్కలు వాపసు తీసుకోలేదు. నాలుగు వందలు పోయినట్టే. ఈసారి ఒక పాత కీబోర్డును సంచిలో పెట్టుకుని వేరే దుకాణానికి వెళ్లాం. అక్కడ చూపించింది వేరే ఆకారంలో ఉంది. ఒక యూఎస్‌బీ మూతి, దాని నుంచి జానెడు తీగ, చివర రెండు కన్నాలు, ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. ధర రెండు వందల ఇరవై. చిప్పు ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇలాగే తీగతో, రెండు కన్నాలతో వస్తాయి. అయినా ఆకారాన్ని నమ్మకుండా అక్కడే రెండు పరీక్షలు చేశాం.

మొదటిది, కీబోర్డు లేకుండా కన్వర్టర్‌ను మాత్రమే కంప్యూటర్‌కు పెట్టడం. చిప్పు ఉంటే అది తనను తాను పరిచయం చేసుకుంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్ని గమనిస్తుంది. మా బడి యంత్రాల్లో లైనక్స్ ఉంది. టెర్మినల్ తెరిచి, పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఈ ఆదేశం ఇస్తే చాలు:

```
lsusb
```

రెండోసారి ఒక వరుస ఎక్కువగా కనిపిస్తే అది కన్వర్టర్. ఏమీ పెరగకపోతే దాన్ని అనుమానించాలి. మేము మొదట కొన్న ముక్కలకు ఏ వరుసా పెరగలేదు. విండోస్ ఉన్న చోట డివైస్ మేనేజర్ తెరిస్తే, కన్వర్టర్ పెట్టగానే కీబోర్డుల జాబితాలో `HID Keyboard Device` అన్న పేరు చేరుతుంది. గుండ్రటి కన్నానికి నేరుగా తగిలించిన కీబోర్డు అయితే అదే జాబితాలో `Standard PS/2 Keyboard` అని ఉంటుంది. చిప్పు లేని ముక్కకు కీబోర్డు తగిలించి పెడితే విండోస్‌లో ఒక్కోసారి `USB device not recognized` అన్న సందేశం కూడా వస్తుంది.

రెండో పరీక్ష క్యాప్స్ లాక్ మీట. ఆ మీట నొక్కగానే లైటు వెలిగించేది కీబోర్డు అనుకుంటాం. కాదు. మీట నొక్కారన్న వార్త కంప్యూటర్‌కు వెళ్తుంది, కంప్యూటర్ "లైటు వెలిగించు" అని తిరిగి చెబుతుంది, అప్పుడు వెలుగుతుంది. అంటే ఆ లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందంటే, మాట అటూ ఇటూ రెండు వైపులా నడుస్తోందన్నమాట. తగిలించినప్పుడు వచ్చే మెరుపును లెక్కలోకి తీసుకోకండి. క్యాప్స్ లాక్ లైటును నమ్మండి.

దుకాణంలో రెండు పరీక్షలూ నెగ్గాక ఒక్కటే కొన్నాం. బడిలో రెండు రోజులు వాడి చూసి, తర్వాత మిగతా తొమ్మిదీ తెచ్చాం. అన్నీ అదే రకం కావాలని మొదటిదాన్ని చూపించి మరీ అడిగాం.

తగిలించే వరస

పదీ తగిలించేటప్పుడు ఒక వరస తెలిసింది. ముందు కీబోర్డును కన్వర్టర్ ఊదా కన్నంలో పెట్టాలి. ఆ తర్వాతే కన్వర్టర్ యూఎస్‌బీ మూతిని కంప్యూటర్‌కు పెట్టాలి. తిరగేసి చేసినప్పుడు, అంటే కన్వర్టర్ కంప్యూటర్‌లో ఉండగానే కీబోర్డు గుచ్చినప్పుడు, కొన్నిసార్లు కంప్యూటర్ దాన్ని పట్టించుకోలేదు. కారణం సులభమే. యూఎస్‌బీ మూతి కంప్యూటర్ నడుస్తుండగా పెట్టడానికీ తీయడానికీ తయారైనది. గుండ్రటి కన్నం అలా తయారైనది కాదు. చిప్పు తనకు కరెంటు అందిన వెంటనే కీబోర్డును పలకరిస్తుంది. అప్పటికి కీబోర్డు అక్కడ ఉండాలి.

రంగు విషయంలో కూడా జాగ్రత్త పడాలి. కొన్ని కన్వర్టర్లు ఏ కన్నంలో ఏది పెట్టినా గుర్తుపడతాయి. మావి గుర్తుపట్టలేదు. ఆకుపచ్చ కన్నంలో కీబోర్డు పెట్టిన చోట అక్షరం రాలేదు, ఊదాకు మార్చి మళ్లీ తగిలిస్తే వచ్చింది. కొత్త యంత్రాలతో వచ్చిన యూఎస్‌బీ మౌసులు ఉన్నాయి కాబట్టి ఆకుపచ్చ కన్నాలను ఖాళీగానే ఉంచాం.

చివరిగా ప్రతి యంత్రంలో తెలుగు అమరిక పెట్టి, పిల్లల చేత "కమల" అని టైపు చేయించాం. ఇంగ్లిషు మీటల లెక్కలో అవి k, c, n. మూడు మీటలతో తెలుగు మాట వస్తే కీబోర్డు, కన్వర్టర్, భాష అమరిక మూడూ సరిగా ఉన్నట్టే. k, c, n అనే ఇంగ్లిషు అక్షరాలే పడితే కన్వర్టర్ బాగానే ఉంది, భాష మాత్రం మార్చలేదని అర్థం. ఏమీ పడకపోతే మళ్లీ తగిలించే వరస దగ్గరికి వెళ్లాలి.

మొరాయించిన మూడు

పదింటిలో ఏడు వెంటనే పని చేశాయి. మిగతా మూడింటిలో ఒక్కోదానికి ఒక్కో కారణం.

ఒకదాని ప్లగ్గులో సూది వంగిపోయింది. ఎవరో దిమ్మె ఏ వైపు ఉందో చూడకుండా బలంగా గుచ్చారు. గుండ్రటి ప్లగ్గును కన్నంలో పెట్టి తిప్పుతూ వెతకడం పిల్లలకు అలవాటు, సూదులు వంగేది అప్పుడే. అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్‌ను వెనక వైపు నుంచి సూది మీద తొడిగి, మెల్లగా నిటారుగా చేశాం. ఆ గొట్టం సూదికి సరిగ్గా సరిపోతుంది. ఒకే సూదిని అటూ ఇటూ ఎక్కువసార్లు వంచితే విరిగిపోతుంది కాబట్టి ఒక్కసారే నిదానంగా చేయాలి. ప్లగ్గు తీగ నుంచి వేరుగానే ఉందని, దేనికీ తగిలించి లేదని ముందే చూసుకోవాలి.

రెండోది ఒక క్షణం పని చేసి ఆగిపోయేది. చూస్తే దాన్ని నాలుగు కన్నాల యూఎస్‌బీ హబ్బుకు పెట్టారు. ఆ హబ్బుకు సొంత కరెంటు లేదు, అందులోనే ఒక పెన్‌డ్రైవూ, వెబ్‌క్యామూ ఉన్నాయి. పాత కీబోర్డుల్లో కొన్ని ఇప్పటివాటి కంటే ఎక్కువ కరెంటు లాగుతాయి. సొంత కరెంటు లేని హబ్బు ఒక్కో కన్నానికి ఇవ్వగలిగేది 100 మిల్లీఆంపియర్లే. అదే కంప్యూటర్ యూఎస్‌బీ కన్నం 500 దాకా ఇవ్వగలదు. కన్వర్టర్‌ను హబ్బు నుంచి తీసి కంప్యూటర్ వెనక నేరుగా పెట్టాక మళ్లీ ఆగలేదు.

మూడోది ఎంత చేసినా లేవలేదు. పాత యంత్రానికి పెట్టినా అంతే. తీగ లోపల ఎక్కడో తెగింది. అది కన్వర్టర్ తప్పు కాదు. ఏది చెడిందో తేల్చడానికి ఒక పాత యంత్రాన్ని ఉంచుకోవడం ఎంత మేలో అప్పుడు తెలిసింది. ఆ కీబోర్డు స్టిక్కర్లను చెక్కుచెదరకుండా అలాగే గోడకు తగిలించాం. అక్షరాల చోట్లు మరిచిపోయిన పిల్లలు దాన్ని చూసుకుంటారు.

తిరుగు ప్రయాణం: ఆకుపచ్చ ముక్క

ఉపాధ్యాయుల గదిలో ఇప్పటికీ మూడు పాత యంత్రాలు ఉన్నాయి. వాటి ఆకుపచ్చ కన్నాల్లోని మౌసులు పోయినప్పుడు అచ్చంగా దీనికి ఎదురు సమస్య వచ్చింది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి యూఎస్‌బీ మౌసులే. సొరుగులో వెతికితే ఆకుపచ్చ రంగు ముక్క ఒకటి దొరికింది. ఒక వైపు యూఎస్‌బీ కన్నం, ఇంకో వైపు ఆరు సూదులు. కొత్త మౌసుకు పెట్టి చూశాం, కదల్లేదు.

కారణం పైన చెప్పుకున్నదే. ఆ ముక్కలో చిప్పు లేదు. ఎప్పుడో ఏదో మౌసుతో పాటు వచ్చింది, ఆ మౌసుకు రెండు భాషలూ వచ్చేవి. ఇప్పటి మౌసుల్లో చాలావాటికి యూఎస్‌బీ ఒక్కటే వచ్చు. అందుకే ఆకుపచ్చ ముక్క మీ సొరుగులో ఉందంటే అది ఏ మౌసుతో వచ్చిందో దానికే పనికొస్తుందని అనుకోండి. ఆ పాత యంత్రాలకు వెనకాల యూఎస్‌బీ కన్నాలు కూడా ఉన్నాయి, మౌసును నేరుగా వాటికే పెట్టాం. ముక్క అవసరమే పడలేదు. ఏ అడాప్టరూ కొనే ముందు యంత్రం వెనకాల ఒకసారి చూడడం మంచిది.

పాత యంత్రాల దగ్గర పని చేసేటప్పుడు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. గుండ్రటి కన్నాల్లోంచి కీబోర్డు గానీ మౌసు గానీ తీయాలన్నా పెట్టాలన్నా ముందు యంత్రాన్ని ఆపేయాలి. నడుస్తుండగా పెడితే చాలాసార్లు మళ్లీ ఆన్ చేసేదాకా గుర్తుపట్టదు. అది చిన్న ఇబ్బంది. అసలు భయం, ఆ కన్నాలకు కరెంటు ఇచ్చే దారిలో బోర్డు మీద ఉండే చిన్న ఫ్యూజు పోవడం. పోయిన ఏడాది మా యంత్రం ఒకదానిలో నడుస్తుండగా మౌసు పీకి గుచ్చితే కీబోర్డు కూడా ఆగిపోయింది. రెండు కన్నాలకూ ఒకే ఫ్యూజు ఉందని మరమ్మతు చేసే అతను చూపించాడు. ఆ యంత్రం ఇప్పుడు యూఎస్‌బీ కీబోర్డుతో నడుస్తోంది.

కీబోర్డు, మౌసు కన్నాలు తారుమారు చేస్తే మాత్రం ఏమీ కాలిపోదు. రెండింటిలోనూ కరెంటు సూదులు ఒకే చోట ఉంటాయి. కాకపోతే యంత్రం ఆన్ చేయగానే కీబోర్డు లేదని చెప్పి, కొనసాగడానికి F1 నొక్కమంటుంది. లేని కీబోర్డులో F1 ఎలా నొక్కాలని పిల్లలు పడిపడి నవ్వుతారు. ఆపేసి, తారుమారు సరిచేసి, మళ్లీ ఆన్ చేస్తే సరి. కొన్ని యంత్రాలకు ఒకే గుండ్రటి కన్నం సగం ఊదా, సగం ఆకుపచ్చగా ఉంటుంది. దానిలో కీబోర్డు పెట్టినా, మౌసు పెట్టినా పని చేస్తుంది, తారుమారు భయం లేదు.

లెక్క

కన్వర్టర్లకు అయిన ఖర్చు రెండు వేల రెండు వందలు. తెలియక పోగొట్టుకున్నది నాలుగు వందలు. పది కీబోర్డుల్లో తొమ్మిది బతికాయి, ఒక కన్వర్టర్ మిగిలింది. దాన్ని బీరువాలో పెట్టి, మీద "చిప్పు ఉంది" అని రాశాం. మొదట కొన్న పది ముక్కలను పారేయలేదు. ఒక డబ్బాలో వేసి, "చిప్పు లేదు, ఉత్త ప్లగ్గు" అని చీటీ అంటించాం. మా తర్వాత వచ్చే టీచరు ఎవరైనా వాటి ఊదా రంగు చూసి మళ్లీ మోసపోకూడదు కదా.

ఆగస్టు 29న గోడ పత్రిక వెళ్లింది. ఎనిమిది పేజీలు, అన్నీ పిల్లలే టైపు చేసినవి. "వంకాయ కన్నం లేదు" అన్న అమ్మాయి తన అవ్వ చెప్పిన ఊరి బావి కథ రాసింది. టైపు చేస్తుండగా ఆమె వెనక నిలబడి చూశాం. ఎడమ చేయి గుణింతాల మీద, కుడి చేయి హల్లుల మీద, కళ్లు తెర మీద. స్టిక్కర్ల వైపు ఎప్పుడో ఒకసారి గానీ చూడడం లేదు. ఇంకో ఏడాది గడిస్తే ఆ అమ్మాయికి అవి అక్కర్లేదు. వచ్చే జూన్‌లో ఆరో తరగతిలోకి వచ్చే పిల్లలకు మాత్రం కావాలి.